పదకొండో లెక్క వద్దు, పదో లెక్క లోతు చూద్దాం

బోర్డు మీద పది లెక్కలు రాస్తే పావుగంటలో పూర్తిచేసి పెన్ను మూత పెట్టేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. పీరియడ్ ఇంకా అరగంట మిగిలే ఉంటుంది. మిగతా వాళ్లంతా మూడో లెక్క దగ్గరో నాలుగో లెక్క దగ్గరో ఉంటారు. అప్పుడు టీచర్ నోట అలవాటుగా వచ్చే మాట ఒకటే: “అయిపోయిందా? అయితే తర్వాతి అభ్యాసం కూడా చేసేయ్.”

చెడ్డ ఉద్దేశంతో అనే మాట కాదది. కానీ ఆ పిల్ల వైపు నుంచి చూడండి. ఆ రకం లెక్కలు తనకు వచ్చని తేలిపోయింది. తేలాక మళ్లీ అదే రకం మరో పది. వాటివల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు. త్వరగా చేస్తే పని పెరుగుతుందన్న సంగతి మాత్రం బాగా తెలిసొస్తుంది. నెల తిరిగేసరికి ఆ పిల్ల కూడా నెమ్మదిగా చేయడం మొదలుపెడుతుంది, లేదా పూర్తయినా చెప్పకుండా తలొంచుకుని కూర్చుంటుంది. అలాంటి పిల్లలు మన కళ్లముందే మామూలు పిల్లలైపోతారు. మార్కులు మాత్రం తగ్గవు కాబట్టి ఎవరూ గమనించరు.

రెండో దారి మన తెలుగు ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. చురుకైన పిల్లవాడు కనిపిస్తే ఆరో తరగతిలోనే ఫౌండేషన్ కోర్సులో చేర్చి, ఎనిమిదో తొమ్మిదో తరగతి పాఠాలు ముందే చెప్పించేస్తాం. ముందుకు తీసుకెళ్లడం దానంతట అది తప్పు కాదు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ 1971లో గణితంలో అసాధారణ ప్రతిభ ఉన్న పిల్లల మీద మొదలుపెట్టిన అధ్యయనం ఈ దారినే బలంగా సమర్థించింది. నిజంగా సిద్ధంగా ఉన్న పిల్లలను పై తరగతి గణితంలోకి పంపడం వారికి మేలే చేస్తుంది. చిక్కల్లా సూత్రాలను మాత్రమే ముందు చేర్చి, వాటి వెనకున్న కారణాలను వదిలేసినప్పుడు వస్తుంది. వరుస సంఖ్యల మొత్తానికి n(n+1)/2 అని ఠక్కున చెప్పే ఆరో తరగతి పిల్లవాణ్ని “ఆ రెండుతో భాగించడం ఎందుకు?” అని అడిగి చూడండి. చాలామంది దగ్గర జవాబు ఉండదు.

మూడో దారి ఒకటుంది. ఖర్చు లేనిది, ఏ జిల్లా పరిషత్ పాఠశాలలోనైనా రేపే మొదలుపెట్టగలిగేది. పాఠాన్ని మార్చకుండా, లెక్కల సంఖ్య పెంచకుండా, అదే పాఠంలో కిందికి దిగడం. ఇలా దిగడం ఎలాగో, ఎంత దూరం దిగవచ్చో చెప్పడానికి గణితం టీచర్‌గా నేను ఏడో తరగతిలో తరచూ వాడే ఒక్క లెక్కను తీసుకుంటాను.

ఒకే ప్రశ్న, అందరికీ

తరగతిలో అందరికీ ఇచ్చే పని ఇది: 1 నుంచి 30 వరకు ఉన్న సంఖ్యల్లో దేన్నైనా రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ వరుస సహజ సంఖ్యల మొత్తంగా రాయండి. ఉదాహరణకు 9 ఉందనుకోండి. 4 + 5 అని రాయవచ్చు, 2 + 3 + 4 అని కూడా రాయవచ్చు. 12 అయితే 3 + 4 + 5.

కూడికలు ఇంకా తడబడే పిల్లలకు ఇది చక్కటి సాధన. ముప్పై సంఖ్యలకూ ప్రయత్నించేసరికి వాళ్లు అభ్యాసంలో చేసేవాటి కంటే ఎక్కువ కూడికలే చేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఎవరూ ఆగిపోరు. అలాగని త్వరగా చేసేవాళ్లకు పావుగంటలో చేతులు ఖాళీ కావు కూడా. ఎవరైనా మొదలుపెట్టగలగాలి, వెళ్లగలిగినవాళ్లు ఎంత దూరమైనా వెళ్లగలగాలి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని ఎన్‌రిచ్ గణిత ప్రాజెక్టు వాళ్లు బడి పిల్లలకు సమస్యలు తయారుచేసేటప్పుడు చూసే లక్షణం ఇదే.

పట్టిక నిండుతున్నకొద్దీ చిన్న చిన్న సంగతులు బయటపడతాయి. బేసి సంఖ్య ఏదైనా, 1 తప్ప, రెండు వరుస సంఖ్యలుగా విడిపోతుంది: 7 అంటే 3 + 4, 21 అంటే 10 + 11. ఆరు నుంచి మూడో ఎక్కంలోని సంఖ్యలన్నీ మూడు వరుస సంఖ్యలుగా వస్తాయి. 15ను మూడు రకాలుగా రాయవచ్చు: 7 + 8, 4 + 5 + 6, 1 + 2 + 3 + 4 + 5. కొన్ని గళ్లు మాత్రం ఎంత ప్రయత్నించినా ఖాళీగానే మిగులుతాయి. అవి 1, 2, 4, 8, 16.

ఒకసారి ఒక అమ్మాయి ఈ ఐదింటి చుట్టూ సున్నాలు చుట్టి నోట్‌బుక్ నా ముందు పెట్టింది. “రెట్టింపవుతూ పోతున్నాయి మేడం. తర్వాత రానిది 32. ఆ తర్వాత 64.” ఇక తన పని అయిపోయిందన్నట్టు నిలబడింది.

ఆ పిల్ల చెప్పింది నిజమే. ఇక్కడే “వెరీ గుడ్” అని టిక్కు పెట్టి, 60 వరకు చేసుకురమ్మని పంపేయవచ్చు. అలా చేస్తే పని పెరుగుతుంది గానీ పాఠం లోతు పెరగదు. ఆ పిల్లను అడగాల్సింది ఇంకా ఎన్ని కనిపెట్టావని కాదు, ఆ మాట నిజమని ఎలా తెలిసిందని.

ఐదు చూసి ఆరోది చెప్పేయవచ్చా?

అందుకని నేను వెంటనే కారణం అడగలేదు. ఒక వృత్తం గీయమన్నాను. వృత్తం మీద ఒక చుక్క పెడితే లోపల ఉన్నది ఒకే భాగం. రెండు చుక్కలు పెట్టి కలిపితే రెండు భాగాలు. మూడు చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా అన్నిటితో కలిపితే నాలుగు భాగాలు. నాలుగు చుక్కలకు ఎనిమిది. ఐదు చుక్కలకు పదహారు. “ఆరు చుక్కలు పెడితే?” అని అడిగితే ఏ పిల్లయినా ముప్పై రెండు అనే అంటుంది. ఆ అమ్మాయీ అంది.

గీసి లెక్కపెట్టమన్నాను. లెక్కపెడితే 31 వచ్చాయి. ఎక్కడో తప్పిపోయిందనుకుని మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ 31. పక్కనున్న అబ్బాయి చుక్కలను సమాన దూరంలో అందంగా పెట్టి గీశాడు. అతనికి 30 వచ్చాయి. సమాన దూరంలో పెడితే మూడు గీతలు సరిగ్గా నడిమధ్య ఒకే చోట కలుసుకుంటాయి కాబట్టి అక్కడ రావాల్సిన చిన్న భాగం మాయమవుతుంది. ఎలా పెట్టినా 31 కంటే ఎక్కువ రావు. 32 ఎప్పటికీ రాదు.

1, 2, 4, 8, 16 అని రెండు చోట్లా ఒకే వరుస కనిపించింది. ఒక చోట తర్వాతిది 32, ఇంకో చోట 31. చూసి చెప్పడానికీ తెలిసి చెప్పడానికీ తేడా ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. “అయితే నా 32 కూడా తప్పేమో” అన్న అనుమానం వచ్చాక ఆ పిల్లకు కారణం కావాల్సి వచ్చింది. టీచర్ అడిగిందని కాదు, తనకే కావాల్సి వచ్చింది. లోతైన పని మొదలైందని చెప్పడానికి గుర్తు ఇదే.

కారణం దొరికే తీరు

ఈ దశలో టీచర్ చేయాల్సింది చాలా తక్కువ, కానీ ఆ తక్కువను సరిగ్గా చేయాలి. కారణం చెప్పేస్తే పని అక్కడితో ముగిసిపోతుంది. ఏమీ చెప్పకపోతే పిల్ల రెండు రోజులు చూసి వదిలేస్తుంది. కాబట్టి చూపు ఎటు తిప్పాలో ఒక్క మాటలో చెబితే చాలు: “వచ్చిన మొత్తాన్ని కాదు, ఎన్ని సంఖ్యలు కలిపావో చూడు.”

కలిపినవి బేసి సంఖ్యలో ఉన్నాయనుకుందాం. 4 + 5 + 6 తీసుకోండి. ఆరులోంచి ఒకటి తీసి నాలుగుకు ఇస్తే 5 + 5 + 5 అవుతుంది. అంటే మొత్తం మూడు అయిదులు. ఏడు సంఖ్యలు కలిపినా అంతే, నడిమధ్య సంఖ్యకు ఏడు రెట్లు. కాబట్టి మొత్తానికి ఒక బేసి కారణాంకం ఉండి తీరుతుంది.

కలిపినవి సరి సంఖ్యలో ఉంటే నడిమధ్య సంఖ్య ఉండదు. అప్పుడు చివరలను జత చేయాలి. 2 + 3 + 4 + 5లో రెండు, అయిదు ఒక జత. మూడు, నాలుగు ఒక జత. రెండు జతలూ ఏడే. జత మొత్తం ఎప్పుడూ బేసే, ఎందుకంటే నడిమధ్య జతలో ఉన్నవి పక్కపక్క సంఖ్యలు. వాటిలో ఒకటి సరి, ఒకటి బేసి. మిగతా జతలన్నీ దానికి సమానం. ఇక్కడ కూడా మొత్తానికి ఒకటి కంటే పెద్దదైన బేసి కారణాంకం వచ్చేసింది.

ఇప్పుడు 16ను చూడండి. దాని కారణాంకాలు 1, 2, 4, 8, 16. ఒకటి తప్ప బేసి లేదు. 32కూ లేదు, 64కూ లేదు. రెండును రెండుతోనే గుణించుకుంటూ పోతే బేసి ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి ఆ సంఖ్యలు వరుస సంఖ్యల మొత్తంగా ఎప్పటికీ రావు. పది లక్షల వరకు పట్టిక నింపినా రాని ధీమా ఈ నాలుగు వాక్యాలతో వస్తుంది.

ఈ పాఠంలో ఆ పిల్ల వాడిన సరంజామా అంతా ఏడో తరగతి పుస్తకంలోదే: సరి, బేసి, కారణాంకాలు. పై తరగతి సూత్రం ఒక్కటి కూడా అక్కర్లేకపోయింది. బడి ఏడాదిలో రెండు మూడు సార్లయినా ఒక పిల్లకు ఇలా సొంత నిరూపణ దొరికితే, ఆ తర్వాత తొమ్మిదో తరగతిలో నిరూపణలు వచ్చినప్పుడు అవి పరీక్ష కోసం కంఠస్థం చేయాల్సిన పేరాల్లా కనిపించవు.

మరో రెండు మెట్లు

కారణం దొరికాక రెండు సహజమైన ప్రశ్నలు ఎదురుచూస్తుంటాయి. మొదటిది తిరగేసి అడిగేది: రెండు ఘాతాలు రావని తెలిసింది, మరి మిగతావన్నీ వస్తాయా?

14ను తీసుకుందాం. దాని బేసి కారణాంకం 7. అంటే 14 అనేది ఏడు రెండ్లు. పైన చెప్పినట్టు ఏడు వరుస సంఖ్యలు రాసి, మధ్యలో 2 వచ్చేలా పెడదాం: −1, 0, 1, 2, 3, 4, 5. సహజ సంఖ్యలే కావాలన్నాం, ఇక్కడేమో రుణ సంఖ్య వచ్చి పడింది. పిల్లలు చాలామంది ఇక్కడ తప్పు చేశామనుకుని కొట్టేస్తారు. కొట్టేయకుండా కాసేపు చూడమనాలి. −1కీ 1కీ చెల్లు. సున్నా ఉన్నా లేనట్టే. మిగిలింది 2 + 3 + 4 + 5, సరిగ్గా 14! ఏడో తరగతిలో పూర్ణసంఖ్యల పాఠం చెప్పుకున్నాక ఇది వస్తే, రుణ సంఖ్యలు ఎందుకు పనికొస్తాయో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. ఈ పద్ధతి ఏ బేసి కారణాంకంతోనైనా పనిచేస్తుంది కాబట్టి, రెండు ఘాతాలు తప్ప మిగతా సంఖ్యలన్నీ వస్తాయి.

రెండో ప్రశ్న: ఒక సంఖ్యను ఎన్ని రకాలుగా రాయవచ్చు? ఒకటి తప్ప ఎన్ని బేసి కారణాంకాలుంటే అన్ని రకాలుగా. 45కు అలాంటివి 3, 5, 9, 15, 45. అయిదు. కాబట్టి అయిదు రకాలు: 14 + 15 + 16, 7 నుంచి 11 వరకు, 1 నుంచి 9 వరకు, 5 నుంచి 10 వరకు, 22 + 23. ఇక “ఏడు రకాలుగా రాయగలిగే సంఖ్య ఒకటి చెప్పు” అంటే పిల్లలు వెతకరు, తయారుచేస్తారు. 3, 5, 7ను గుణిస్తే 105. దానికి ఒకటి తప్ప ఏడు బేసి కారణాంకాలున్నాయి. వెతకడం మానేసి తయారుచేయడం మొదలుపెట్టారంటే వారికి ఆ విషయం చేతికొచ్చిందని అర్థం.

ఇదే తరగతిలో కూడికల్లో బాగా నెమ్మదిగా ఉండే ఒక అబ్బాయి “సున్నాతో మొదలుపెట్టొచ్చా మేడం?” అని అడిగాడు. చిన్న ప్రశ్నలా ఉంది గానీ చాలా దూరం వెళ్లే ప్రశ్న. సున్నాను ఒప్పుకుంటే 1 కూడా వస్తుంది, 0 + 1 కాబట్టి. రుణ సంఖ్యలను కూడా ఒప్పుకుంటే ఏదీ మిగలదు: −3 నుంచి 4 వరకు కలిపితే 4 వస్తుంది. నియమం మార్చగానే జవాబు మారిపోయింది. ఆ రోజు నాకు మరోసారి స్థిరపడిన విషయం ఏమిటంటే, వేగాన్ని చూసి ప్రతిభను కొలవకూడదు. పది లెక్కలూ ముందు పూర్తిచేసినవాళ్లకు మాత్రమే ఇలాంటి ప్రశ్నలు ఇచ్చి ఉంటే ఆ అబ్బాయి ప్రశ్న బయటికొచ్చేదే కాదు.

టైము ఎక్కడి నుంచి తేవాలి?

ఇదంతా విన్న టీచర్లు అడిగే మొదటి ప్రశ్న టైము గురించే. సిలబస్ పూర్తిచేయాలి, నోట్సు దిద్దాలి, యూనిట్ పరీక్షలు పెట్టాలి. అందుకే ఒక నియమం ముఖ్యం: లోతైన పని ఇచ్చేటప్పుడు తెలిసిన పనిని తీసేయాలి. పది లెక్కలూ చేసి ఆపైన ఇది కూడా చేయమంటే అది మళ్లీ అదనపు పనే అవుతుంది.

తీసేయడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. ప్రతిభావంతుల బోధన గురించి టీచర్ల కోసం రాసిన సూసన్ వైన్‌బ్రెనర్ చెప్పిన పద్ధతి అది. అభ్యాసంలో అన్నిటికంటే కష్టమైన అయిదు లెక్కలకు గుర్తు పెట్టాలి. ఎవరైనా సరే, ముందు ఆ అయిదూ చేయవచ్చు. అయిదింట్లో నాలుగైనా సరిగ్గా వస్తే మిగతా అభ్యాసం చేయనక్కర్లేదు, ఆ టైము లోతైన ప్రశ్నకు వాడుకోవచ్చు. రాకపోతే మామూలుగా మొదటి లెక్క నుంచి చేసుకుంటూ వస్తారు. ఎవరికీ చిన్నతనం లేదు. ముందే ఎవరు ప్రతిభావంతులో పేర్లు పెట్టి విడగొట్టాల్సిన అవసరం కూడా లేదు. ఒక పాఠంలో అర్హత వచ్చిన పిల్ల ఇంకో పాఠంలో రాకపోవచ్చు, కొత్తవాళ్లు రావచ్చు.

తీసేస్తే వెనకబడతారేమోనన్న భయం సహజమే. కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ రెంజుల్లి, ఆయన సహచరులు ఈ తగ్గించే పద్ధతి మీద చాలా ఏళ్లు పనిచేశారు. శాలీ రీస్ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనంలో, బాగా తెలిసిన పిల్లలకు పాఠ్యాంశంలో 40 నుంచి 50 శాతం వరకు తీసేసినా వారి పరీక్ష మార్కులు తగ్గలేదని తేలింది. మన బడుల్లో అంత తీయనక్కర్లేదు. అయిదు కష్టమైన లెక్కల పద్ధతితో వారంలో మిగిలే టైము ఒక మంచి ప్రశ్నకు సరిపోతుంది.

ఎవరూ తేల్చని లెక్క

ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నలకు జవాబులున్నాయి. పిల్లకు తెలియకపోయినా లోకానికి తెలుసు. లోకానికే తెలియని ప్రశ్నను ఏడో తరగతి పిల్లకు ఇవ్వవచ్చా? ఇవ్వవచ్చు, ఎలా ఇవ్వాలో తెలిస్తే.

మన వరుస సంఖ్యల పక్కనే అలాంటిది ఒకటి ఉంది. 1 + 2 = 3. మొదటి నుంచి వరుసగా కలిపితే సరిగ్గా తర్వాతి సంఖ్య వచ్చింది. ఇదే వర్గాలతో చేస్తే? 1² + 2² + 3² అంటే 14. తర్వాతి వర్గం 16. కొంచెం తక్కువైంది. ఇంకొకటి కలిపితే 30, తర్వాతిది 25. ఈసారి ఎక్కువైంది. మధ్యలో సరిగ్గా కుదరకుండానే దాటిపోయింది. ఘనాలతో చూడండి: 1³ నుంచి 4³ వరకు 100, తర్వాతిది 125, 5³ వరకు 225, తర్వాతిది 216. మళ్లీ దాటిపోయింది. నాలుగో ఘాతంతో 6 వరకు కలిపితే 2275, కావాల్సింది 2401. 7 వరకు కలిపితే 4676, కావాల్సింది 4096. మళ్లీ అంతే.

ఏ ఘాతంతోనైనా, ఎక్కడైనా సరే, ఇలా సరిగ్గా కుదురుతుందా? 1 + 2 = 3 ఒక్కటే అని హంగరీ గణిత శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్డోష్ ఊహించాడు. 1953లో లియో మోజర్ దీని మీద పనిచేసి, వేరే జవాబు ఏదైనా ఉంటే అందులో కుడివైపున ఘాతంలో ఉండే సంఖ్యకు పది లక్షల కంటే ఎక్కువ అంకెలు ఉండాలని నిరూపించాడు. 2011లో ఆ హద్దును వంద కోట్ల అంకెల పైకి తీసుకెళ్లారు. అంత పెద్ద సంఖ్యల అవతల ఎక్కడైనా ఉందా, అసలు లేదా అన్నది ఈ రోజుకూ తేలలేదు. మన వృత్తం, చుక్కల లెక్కను కూడా గణితంలో మోజర్ పేరుతోనే పిలుస్తారు.

ఇలాంటి ప్రశ్న ఇచ్చేటప్పుడు మూడు విషయాలు పాటించాలి. ఇది ఎవరూ తేల్చలేదన్న సంగతి ముందే చెప్పాలి. దాచిపెట్టి “చేసుకురా” అంటే పిల్ల వారం రోజులు కష్టపడి, చేతకాలేదని బాధపడుతుంది. రెండోది, పెద్ద ప్రశ్నలోంచి పిల్ల చేయగలిగిన చిన్న ముక్కను విడదీసి ఇవ్వాలి. వర్గాల విషయంలో ఒకసారి మొత్తం దాటిపోయాక మళ్లీ ఎప్పటికైనా వెనకబడుతుందా? ఇది ఏడో తరగతి పిల్ల కారణంతో సహా తేల్చగలదు. తేల్చితే, వర్గాలకు సంబంధించినంత వరకు ఎర్డోష్ మాట నిజమని తన నోట్‌బుక్‌లో తనే నిరూపించినట్టు. మూడోది, క్యాలిక్యులేటర్ ఇవ్వవచ్చు. ఇక్కడ సాధన చేయాల్సింది గుణకారం కాదు.

గణితం గురించి పిల్లల్లో ఒక పాతుకుపోయిన నమ్మకం ఉంటుంది: అన్ని జవాబులూ పుస్తకం వెనక ఉన్నాయి, లేదా టీచర్‌కు తెలుసు అని. నాకు తెలియదు, ఎవరికీ తెలియదు అని టీచర్ ధైర్యంగా చెప్పగలిగిన ప్రశ్న ఒక్కటి చాలు ఆ నమ్మకం సడలడానికి.

గాడి తప్పితే ఎలా తెలుస్తుంది?

ఈ పద్ధతి కూడా దారి తప్పుతుంది. నోట్‌బుక్ చూస్తే తెలిసిపోతుంది. పేజీల నిండా కూడికలే ఉండి ఎక్కడా “ఎందుకంటే” అన్న మాట లేకపోతే, అది లోతు కాదు, పేరు మార్చుకున్న అదనపు పనే. ఎక్కడో చదివిన నిరూపణను అందంగా రాసుకొచ్చిందని అనుమానం వస్తే, 24ను తీసుకుని అదే కారణం చెప్పమనండి. తనది అయితే 24లో బేసి కారణాంకం 3, అంటే మూడు ఎనిమిదులు, కాబట్టి 7 + 8 + 9 అని చెప్పేస్తుంది. తనది కాకపోతే రాసుకొచ్చిన వాక్యాలకే తిరిగి వెళ్తుంది.

ఇంకో పొరపాటు, త్వరగా చేసినవాళ్లను పక్కవాళ్లకు నేర్పే పనిలో ప్రతి రోజూ కూర్చోబెట్టడం. అప్పుడప్పుడు మంచిదే, రోజూ అయితే ఆ పిల్ల తన చదువు తను మానేసినట్టే. దానికి బదులు పీరియడ్ చివర అయిదు నిమిషాలు అందరి ముందు తను చూసింది చెప్పమనవచ్చు. వృత్తంలో 31 వచ్చిన సంగతి చెబితే తరగతి మొత్తం చుక్కలు పెట్టుకుని లెక్కపెడుతుంది.

పరీక్షల సంగతి కూడా దాచనక్కర్లేదు. ఈ పని చేసినందుకు ఏ పరీక్షలోనూ మార్కులు పడవు. అందుకే తల్లిదండ్రులు “మా పిల్ల ఎన్ని లెక్కలు చేసింది?” అని అడుగుతారు. వాళ్లకు చూపించడానికి నేను పిల్లలచేత ప్రతి లోతైన ప్రశ్నకూ ఒక పేజీ రాయిస్తాను. ఏమేం ప్రయత్నించాను, ఏం గమనించాను, అది నిజమని ఎందుకు అనుకుంటున్నాను, ఇంకా ఏం తెలియదు అనే నాలుగు భాగాలుంటాయి అందులో. మొదటి రెండు భాగాలే నిండితే పిల్ల ఇంకా పట్టిక దగ్గరే ఉంది, ఒక చిన్న సూచన కావాలి. మూడోది నిండితే పాఠం వచ్చింది. నాలుగో భాగంలో పిల్ల తనంతట తనే ఒక ప్రశ్న రాసుకుంటే, ఆ ప్రశ్నే తన తర్వాతి పని. దాన్ని టీచర్ వెతికి ఇవ్వాల్సిన అవసరం ఇక లేదు.